రెండున్నర శ్రుతిలో గెలిచిన కృష్ణునకు

మా గ్రామ కిరాణా వర్తకుడును, మొన్నటి శ్రీరామనవమి పందిరిలో జరిగిన రంగస్థల పద్యగాన పోటీయందు ద్వితీయ బహుమతి గ్రహీతయు, నాకు బాల్యస్నేహితుడును అగు వానికి బహిరంగముగా వ్రాయునది.

బావా,

నీకును నాకును చుట్టరికమేమియు లేదు. ఎదుటబడిన ప్రతివానిని ‘బావా’ యని పిలుచుట, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకము నీకు చిన్ననాడే అంటించిన యలవాటు. అప్పు కోరవచ్చినవాడును, అప్పు తీర్పవచ్చినవాడును, పొరుగూరినుండి తూనికలు తనిఖీచేయ వచ్చిన యధికారియు నీకు బావలే. కనుక నీ సొమ్మును నీకే చెల్లించి, నేనును నిన్ను బావా యనియే సంబోధించుచున్నాను.

అభినందనమనునది సాధారణముగా ఇంటికి పోయి, ఇల్లాలి చేతి కాఫీ త్రాగి, వీధి గుమ్మము దాటుచు చెప్పవలసిన మాట. అట్లే చెప్పవలెనని వచ్చినవాడనే. కాని నీవు బహుమతిగా వచ్చిన షీల్డును ఇంటిలో నుంచుకొనక, దుకాణమున తక్కెడ వెనుక, చింతపండు బుట్టకును బెల్లపు దిమ్మెలకును నడుమ, వచ్చినవాడు ఉప్పడుగక పూర్వమే దానిని చూడక తప్పని తావున ప్రతిష్ఠించి, అందు చెక్కబడిన ‘ద్వితీయ’ యను మాటకు సరిగా అడ్డముగా అగరువత్తుల పొట్లమొకటి నిలిపియుండుట చూచినపిమ్మట, ఇంతటి బహిరంగ విజయమునకు గుమ్మము కడ గొణిగెడి యభినందనము చాలదని తోచినది. అందువలన ఊరెల్ల చదువునట్లు వ్రాయుచున్నాను. చదివినవారు ఆ పొట్లమును కొంచెము ప్రక్కకు జరిపి చూడవచ్చును.

మొదట న్యాయముగా చెప్పవలసినది చెప్పెదను. ఆ రాత్రి నీవు బాగుగా పాడితివి. ఇన్ని సంవత్సరములుగా నీ పద్యమును, కోరియు కోరకయు, కందిపప్పు తూచుచుండగను, కిరసనాయిలు కొలుచుచుండగను, ఆలాపన ముగియువరకు తక్కెడ గాలిలో నిలిచిపోగా చేతి సంచితో నిరీక్షించుచుండగను వినినవాడను నేను. నా మాటకు కొంత విలువ కలదు. ఆ రాత్రివరకు నేను నీ కంఠము వింటిని. ఆ రాత్రి పద్యము వింటిని. ఈ భేద మెట్లు కలిగినదో విచారించి, నాకు తెలిసినదానిని నీకును తెలుపవలెననియే ఈ లేఖ. అందొక రహస్యము కూడ కలదు. అది వినిన తరువాత నీకు కోపము రావచ్చును గనుక దానిని కొంచెము ఆలస్యముగా చెప్పెదను.

నీకు శ్రుతి యనిన నాలుగు. అంతకు తక్కువలో పాడువాడు నీ దృష్టిలో గాయకుడు కాడు, గొంతు పట్టినవాడు. ఎవడైన కొత్తవాడు పద్యము పాడెనని వినిన వెంటనే నీవడుగు మొదటి ప్రశ్న ఏ పద్యమని కాదు, ఎంత శ్రుతి యని. తెలియని చదువరుల కొరకు చెప్పుచున్నాను: హార్మోనియముపై మొదటి తెల్లమెట్టును షడ్జముగా గ్రహించిన ఒకటి శ్రుతి; దాని కానుకొనియున్న నల్లమెట్టు ఒకటిన్నర; పిమ్మటి తెల్లది రెండు, నల్లది రెండున్నర, తెల్లది మూడు; అచ్చట నడుమ నల్లమెట్టు లేదు గనుక ఆ వెనుకటి తెల్లమెట్టే నాలుగు. ఒక్కొక్క మెట్టు పైకి పోయినకొలది, గాయకునకు తారస్థాయిలో అందవలసిన గాంధార పంచమములును అంతంత పైకి పోవును. కూర్చుండి నెమ్మదిగా పాడునప్పుడు నీ కంఠము రెండు, రెండున్నరలలో నిండుగా మ్రోగును. నాలుగులో నీవు పంచమము నందుకొనుట నేను చూచియున్నాను. ముఖము ఎఱ్ఱబడును, మెడనరములు ఉబ్బును, కనుబొమలు నెత్తికెక్కును. పంచమము మాత్రము వెంట్రుకవాసి దిగువననే నిలిచిపోవును. హార్మోనిస్టు అప్పుడు వాయించుట మాని, షడ్జముపై వ్రేలు అదిమిపట్టి వదలకుండును. అది ఆయన నీకిచ్చు ప్రోత్సాహమని నీవు తలంతువు. శ్రుతి తప్పిన నటునకు దారి చూపుటకు రంగస్థల హార్మోనిస్టులు చేయు మర్యాదాపూర్వకమైన హెచ్చరిక యది.

ఈ యెత్తు శ్రుతి వ్యామోహము నీ సొంతము కాదు. దానికొక చరిత్ర కలదు. మైకు లేని దినములలో నాటకము ప్రొద్దుపోయి మొదలై తెల్లవారువరకు సాగెడిది. పెట్రోమాక్సు దీపముల వెలుగు చాలని దూరమున, బండ్లపైనను అరుగులపైనను కూర్చుండిన జనమునకు, పసిబిడ్డల యేడ్పులను, సోడాలమ్మువారి కేకలను మించి పద్యము చేరవలెను. దిగువ స్థాయిలోని మాట ఆ సద్దులో మునిగిపోవును. పై స్థాయిలోని స్వరము దానిపై తేలి పోవును. కాలు హార్మోనియము వాయించువాడు రంగము ప్రక్కన కూర్చుండి, పాదముతో గాలి తొక్కుచు, రెండు చేతులతోను దానికి బలము నిచ్చెడివాడు. అందుచేత నాటి నటులు ఎత్తు శ్రుతులకు కంఠములను సాధించుకొనిరి. అది వారికి అవసరము. పిదప మైకు వచ్చినది. అవసరము పోయినది గాని ప్రతిష్ఠ పోలేదు. ఇప్పుడు నోటికి జానెడు దూరమున యంత్రముండగా, దాని తీగ ఊరి చివరి చింతచెట్టున కట్టిన బూరవరకు పోవుచుండగా, నీవు నాలుగు శ్రుతిలో ఎవరిని పిలుచుచున్నట్లు? పందిరిలో ముందు వరుసనున్న వృద్ధులు చెవులపై ఉత్తరీయములు కప్పుకొనుట చలిచే ననుకొంటివా? అది చైత్రమాసము.

ఆ రాత్రి నీవు ఎంచుకొనినవి రెండు పద్యములు. మొదటిది పడకసీనులోనిది; ద్వారకలో కృష్ణుడు నిద్ర నటించి లేచి, ముందుగా అర్జునుని చూచి, పిదప తలవైపు కూర్చుండిన దుర్యోధనుని వైపు తిరిగి కుశల మడుగునది. ఆంధ్రదేశమున ఆ పద్యము రానివాడు లేడు. దానివలన పాడువానికి మేలుకంటె కీడే యెక్కువ. వినువాడు ప్రతి యక్షరమును ముందుగా ఎరిగియుండి, తన చెవిలోనున్న ఏ పీసపాటివారి కంఠముతోనో, ఏ షణ్ముఖి వారి కంఠముతోనో నిన్ను సరిపోల్చుచుండును. కల్యాణం రఘురామయ్యగారు నోట వ్రేలిడి పద్యమును ఈలతోనే పలికించి జనమును వెర్రెత్తించినారని విని, నీవును కొన్నాళ్లు నోట వ్రేళ్లు పెట్టుకొని దుకాణమున సాధనచేయగా, వీధికుక్కలు తప్ప తక్కినవారెవ్వరును రాకుండిన సంగతి ఇచ్చట ప్రస్తావింపను.

ఆ పద్యము శార్దూలము. పాదమునకు పందొమ్మిది అక్షరములు; పదుమూడవ యక్షరమున యతి. మగణముతో ఎత్తుకొనును గనుక మొదట మూడు గురువులు వరుసగా వచ్చును. అందు తొలి రెండును నీ ప్రియమైన సంబోధనలోని రెండు దీర్ఘములే. గాయకునకు ఇంతకంటె పెద్ద ప్రలోభము లేదు. నోరు తెరచినంతనే రెండు ఆకారములు! నీవు వెనుకటి దినములలో ఆ రెండింటి నడుమ మోహనరాగమంతటిని ఆరోహణావరోహణములతో పరచి, మంద్రమున బయలుదేరి తారస్థాయిని తాకి, మరల క్రిందికి దిగి, ఊపిరి పీల్చుకొని, అప్పుడు గదా ఎప్పుడు వచ్చితివని యడుగువాడవు! అంతవరకు దుర్యోధనుడుగా నిలుచున్న వాడు ఏమి చేయవలెనో తోచక కిరీటము సవరించుకొనుచుండును. నిజముగా దుర్యోధనుడే యైనచో, నీవు ప్రశ్న ముగించులోపల సేన ఊసే యెత్తక హస్తినాపురమునకు తిరిగిపోయి యుండును, కురుక్షేత్రమును తప్పియుండును.

ఆ పద్యమున కృష్ణుడు చేయుచున్న పనిని చూడుము. వచ్చినవాడు శత్రుపక్షమువాడు, ఏల వచ్చెనో తనకు తెలియును, తెలియునని వానికి తెలియరాదు. అందుచేత బంధువు బంధువు నడుగునట్లు తమ్ములెట్లున్నారు, కొడుకు లెట్లున్నారు, చుట్టము లెట్లున్నారని మొదలిడి, కర్ణుని క్షేమమడిగి, భీష్ముని క్షేమమడిగి, ద్రోణుని క్షేమమడుగును. కౌరవుని బలమంతయు ఆ జాబితాలోనే యున్నది. కుశలప్రశ్న నెపముగా ఎదుటివాని సైన్యమును లెక్కించుచున్నాడు! ఇంత పనిని తిరుపతి వేంకటకవులు నాలుగు పాదములలో చేసిపెట్టినారు. పాడువాడు చేయవలసినది, ఒక్కొక్క పేరును వినువాని చెవిలో విడివిడిగా పడనిచ్చుట. రాగము ఆ పేర్లను అంటియుండవలెను గాని మ్రింగరాదు.

పద్యమును రాగముతో సాగదీయుటను బళ్ళారి రాఘవ (1880–1946) సహింపలేదు. నటుడు పాత్రను విడిచి పాటకుడగుచున్నాడని ఆయన బాధ. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవింపను. రాగమే తీసివేసినచో మన పద్యనాటకమున మిగులునది బడిపిల్లల అప్పగింత. కాని, బావా, నీ యాలాపనలను వినినప్పుడెల్ల నేను రాఘవ పక్షమునకు రెండడుగులు జరుగుచుంటిని.

నీ రెండవ పద్యము జాషువ శ్మశానవాటిలోనిది. హరిశ్చంద్ర నాటకము బలిజేపల్లి వారిదైనను, కాటిసీనున జాషువ పద్యములు లేనిదే జనము ఒప్పుకొనని స్థితి యేర్పడి చిరకాలమైనది. ఒకరి నాటకమునకు మరియొకరి పద్యములు ప్రాణమగుట మన రంగస్థలముననే చూడనగును. ఇది సీసము. పాదమునకు ఆరు ఇంద్రగణములును రెండు సూర్యగణములును; నాలుగు గణములకొకసారి విరుపు; నాలుగు పాదములు ముగిసిన పిదప ఎత్తుగీతి. నాలుగు పాదములును ‘ఈ చోటనే’ యను అర్థమునే ఎత్తుకొని, కవి కలమును, రాజు ముద్రికను, లేత యిల్లాలి నల్లపూసలను, చిత్రకారుని కుంచెను వరుసగా కాటికి అప్పగించును. నాలుగు మారులు ఒకే మెట్టునుండి బయలుదేరవలసిన పద్యమిది గనుక, మొదటి పాదముననే శిఖరమెక్కినవానికి తక్కిన మూడు పాదములలో పోదగిన చోటు ఉండదు. నీవు ప్రతిసారియు మొదటి పాదముననే ఎక్కెడివాడవు. కవి కలము కాలుచుండగనే కంఠము బొంగురుపోయి, ఇల్లాలి నల్లపూసల కడకు వచ్చునప్పటికి దగ్గు వచ్చెడిది. ఆ దగ్గును శోకమని భ్రమించి కొందరు స్త్రీలు కన్నీరు పెట్టిరనుట నిజమే.

రెండవ పాదమున నీవు చేసిన ఘోరము వేరు. ‘రాజన్యుని’ అను మాట సరిగా రెండు గణముల నడుమ పడినది. ‘రా’ ఒక గణము చివరను, తక్కినది మరుగణమునను ఉండును. గణము చివర దీర్ఘము కనబడినంతనే నీకు ఆగుట చేతకాదు. ‘రా’ యని ఎత్తి, సింధుభైరవిలో దానిని ఊరి పొలిమేరవరకు పంపి, ఊపిరి తీసికొని, ‘జన్యుని’ యని వేరుగా పడవేసెడివాడవు. కాటిలో హరిశ్చంద్రుడు ‘రా, రా’ యని ఎవరిని పిలుచుచున్నాడో తెలియక జనము వెనుకకు తిరిగి చూచుట నా కన్నులతో చూచితిని. ఒక రాజును తలవేరు మొండెమువేరు చేసి, రెండు చితులపై దహించుట శ్మశానవాటిలో కూడ న్యాయము కాదు గదా. మరుగణము తుదివరకు ఊపిరి నిలుపుకొనిన, విరుపు అచ్చటనే యున్నది; మాటయు ముగియును, అర్థమును ముగియును, గాలియు దొరకును. పద్యము కట్టినవాడు గాయకుని ఊపిరికి చోటు చూచియే కట్టినాడు. ఆ చోటు కాదని వేరొక చోట పీల్చువాడు నీవొక్కడవే.

ఇక ఆ రాత్రి సంగతి. పోటీకి ముందు నీవు పాటించిన నియమములు ఊరెల్ల ఎరుగును. శొంఠి, మిరియాలు, పటికబెల్లము దుకాణములోనివే గనుక ఖర్చు లేదు. మెడకు ఉన్ని మఫ్లరు చుట్టి, చల్లని నీరు ముట్టక, పానకమును సైతము నిరాకరించి, మౌనవ్రతము పూని, గిరాకీలకు వ్రేళ్లతో ధరలు చూపుచుండగా, కొందరు నీకు వాతము క్రమ్మినదని భావించి మీ యింటికి పరామర్శకు పోయిరి. రాత్రి నీ వంతు వచ్చినది. మైకు కడకు పోయి, కండువా సవరించుకొని, హార్మోనిస్టుగారివైపు తిరిగి, ఊరెల్ల వినునట్లు “నాలుగు” అంటివి. ఆయన తల యూపి మెట్టుపై వ్రేలు పెట్టిరి. నీవు ఎత్తుకొంటివి.

అప్పుడు నాకు విస్మయము కలిగినది. ‘బావా’ యని నీవు పిలిచినది పిలుపు, పాట కాదు. దుకాణమున నన్ను పిలుచునట్లే, ఆ రెండు దీర్ఘములకు ఉండవలసినంత నిడివితో, చిరునవ్వుతో పిలిచి, వెంటనే ప్రశ్నలోనికి పోతివి. మోహన వినబడుచునే యున్నది. కాని మాట వెనుక వినబడుచున్నది. తమ్ములు, కొడుకులు, చుట్టములు, ఒక్కొక్కరును వచ్చి నిలిచిరి. కర్ణుని పేరు వద్ద నీ కంఠము ఒక్కించుక తగ్గినది, ఏదో జ్ఞాపకము వచ్చినట్లు. భీష్ముని పేరున మరల గౌరవము నింపుకొన్నది. నాలుగవ పాదము ముగిసిన పిదప మాత్రము ఆలాపన నెత్తి, రెండు మారులు తారషడ్జమును తాకి, పంచమమున కొంత నిలిచి, ఇంక కొంచెము పాడిన బాగుండునని జనము కోరుచుండగనే దిగివచ్చితివి. నీవు ఆలాపనను స్వచ్ఛందముగా ముగించుట నీ జీవితమున అదియే ప్రథమము. పందిరిలో ‘వన్స్‌మోర్’ కేక పుట్టునప్పటికి క్షణకాలము పట్టినది. అంతవరకు జనము పద్యములోనే యుండుటయే అందులకు కారణము.

కాటిపద్యమునను అంతే. కవి కలమును దిగువ స్థాయిలో, దాదాపు మాటగా చెప్పితివి. రాజన్యుడు ఈసారి సశరీరముగా కాలినాడు. నల్లపూసల కడ కంఠము ఎత్తితివి. ఎత్తుటకు చోటు మిగిలియున్నది గనుక. ఎత్తుగీతిలో మరల దిగితివి. న్యాయనిర్ణేతలలో వృద్ధులైన ఒక పూర్వనటులు, ఏనాడో హరిశ్చంద్ర వేషము కట్టినవారు, కాగితముపై ఏదో వ్రాయబోయి కలము ప్రక్కన పెట్టుట నేను చూచితిని. ఆ క్షణమున నా ప్రక్కనున్న అపరిచితునితో “వాడు మా వాడే” అంటిని. అడిగినవాడు లేడు. అయినను అంటిని.

ఇప్పుడు ఆ రహస్యము. మరునాడు ఉదయము బస్సు కొరకు వేచియున్న హార్మోనిస్టుగారిని టీ దుకాణమున కలిసికొని, మా వాడు నాలుగు శ్రుతిలో ఇంత నిబ్బరముగా పాడుట ఇదే చూచుట యని నేనొక ప్రశంస చేసితిని. ఆయన గ్లాసు క్రింద పెట్టి, ఇటునటు చూచి, “నాలుగెక్కడిదండీ, నేనిచ్చినది రెండున్నర” అనిరి. అంతకు ముందటి గాయకుల వరుసను గమనించి, నీవు క్రింద కూర్చుండి కూనిరాగము తీయుచుండగా నీ కంఠము సహజముగా నిలుచు చోటు కనిపెట్టి, రెండు మెట్లు దిగువ షడ్జమును నీ చేతిలో పెట్టినారట. “ఎత్తుకొన్న పిమ్మట వారు నావైపొకసారి చూచినారు, తెలిసిపోయినదేమో యనుకొంటిని. వారు మైకు బాగున్నదని తలయూపినారు” అనిరి.

బావా, రెండు మెట్లే! ఆ రెండు మెట్ల దిగువ నీకు మిగిలిన ఊపిరియే కర్ణుని పేరు వద్ద నీ కంఠమున తగ్గుదలయైనది. ఆ ఊపిరియే రాజన్యుని నిండుగా పలుకనిచ్చినది. శ్వాసకై వెదకులాడువానికి అర్థము జ్ఞప్తికి రాదు. అది నీవు ఇన్నేండ్లు ఋజువు చేసితివి. అయితే సర్వమును హార్మోనిస్టుగారికే కట్టబెట్టి నీ కీర్తిని హరింప నా ఉద్దేశము కాదు. తగిన శ్రుతి దొరకిన ప్రతివాడును అట్లు పాడలేడు. ఆ పందిరిలోనే తగిన శ్రుతిలో పాడి, ఒక్క మాటయైన అర్థము కాకుండ చేసినవారు ముగ్గురు నలుగురుండిరి. పద్యము నీలో ముందే యున్నది. నీ నాలుగు శ్రుతి దానిపై ఇన్నాళ్లు కూర్చున్నది.

ప్రథమ బహుమతి సంగతి నీవు దుకాణమున ఎత్తవు గనుక నేనెత్తెదను. అది పొరుగూరి నుండి వచ్చిన, పదవ తరగతి చదువు బాలికకు దక్కినది. చంద్రమతి విలాపమును ఆమె పాడుచుండగా నీవు మఫ్లరుతో కన్నులు తుడుచుకొనుట చీకటిలో నెవ్వరును చూడలేదని నీవనుకొంటివి. ఫలితములు ప్రకటించిన పిదప నీవు అలిగి వెనుకదారిని పోవుదువని పందెము కాసిన వారిలో నేనును ఒకడను. నీవు ఆ బాలిక కడకు పోయి, “అమ్మా, ఊపిరి ఎక్కడ తీసికొనుచున్నావు?” అని యడిగితివి. ఆమె తన నోటుపుస్తకము తెరచి, ప్రతి పాదమునను పెన్సిలుతో గీచిన సన్నని నిలువుగీతలను చూపినది. వయస్సులో ఆమెకంటె మూడింతలు పెద్దవాడవు, నాలుగు శ్రుతి గాయకుడవు, షీల్డు చంకనుంచుకొని వంగి, ఒక్కొక్క గీతను వ్రేలితో తడవి చూచుచుంటివి. నీ పద్యమునకంటె ఆ వంగుటకే నేను గర్వించితిని. మరునాడు దుకాణమున నీ జమాఖర్చుల పుస్తకమున నా బాకీ చూచు నెపముతో పుట త్రిప్పగా, వెనుకటి కాగితముపై శార్దూలమొకటి వ్రాయబడి, దానినిండ నిలువుగీతలుండుటయు చూచితిని. నా బాకీ ప్రక్కన కూడ ఒక గీత యున్నది. అది ఊపిరి గీతయో, కొట్టివేత గీతయో తెలిసికొనగోరుచున్నాను.

కడపట లెక్క. బహుమతిగా నీకు ముట్టినది వెయ్యిన్ని నూటపదహారు రూపాయలు. అందు సగము, ఐదువందల యేబదియెనిమిది, న్యాయముగా హార్మోనిస్టుగారివి. నీవు వర్తకుడవు, తూకమున భాగస్వామి యెవ్వడో నేను చెప్పనక్కరలేదు. ఆయన వచ్చు ఆదివారము తెనాలికి పోవుచు మన యూరి మీదుగా బస్సులో వత్తురు. దుకాణము ముందే దిగి టీ త్రాగుదురు. రూపాయలను కవరులో పెట్టి, తాంబూలముతో సిద్ధముగా నుంచుము. మర్యాదగా కూర్చుండబెట్టి, రాబోవు నవమికి ఇప్పుడే మాట తీసికొనుము; అట్టివాడు పొరుగూరి పందిరికి పోయినచో నీ సంగతి నాకు తెలియును. ఆయన ఎదుట మాత్రము, నీకు పుణ్యముండును, శ్రుతి యూసెత్తకుము.

ఇట్లు,
సంచి పట్టుకొని నిలుచుండిన
నీ బావ